నతీజా అంటే ఆర్డరేనా?

మా ఖాలాజాద్ ఆపా కర్నూల్లో ఉంటుంది. ఇంటి ముందుగదిలో మూడు మిషన్లు, ఇద్దరు కారీగర్‌లు. ఆడపిల్లల షరారాలు, గరారాలు కుడుతుంది, షాదీల సీజన్‌లో దుల్హన్‌కి ఖడా దుపట్టా జోడాలు కూడా. చుట్టుపక్కల మొహల్లాల్లో ఆమె చేతి సిలాయీ తెలియని ఇల్లు లేదు. కానీ మొహల్లా దాటితే ఎవరికీ తెలియదు. అందుకని ఈసారి రంజాన్‌కి ముందే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో డబ్బు కట్టి ఇష్తెహార్ వేద్దామనుకుంది. బీటెక్ చదివే చిన్నకొడుకు వేసి పెట్టాడు. రోజుకు మూడు వందల చొప్పున వారం పాటు. వారం తర్వాత ఆపా నాకు ఫోన్ చేసింది.

"పదునాలుగు వందల మంది వచ్చిన్రంట రే. ఒక్కొక్కరికి రూపాయిన్నరే పడిందంట. చానా సస్తా అంటున్నాడు చిన్నోడు. మరి నాకు ఒక్కటే ఆర్డరొచ్చింది, కైకూ?"

చిన్నోడు పంపిన స్క్రీన్‌షాట్‌లో అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. Results అన్న గడిలో 1,400. Cost per result అన్న గడిలో 1.50. ఆపా ఆ మొదటి మాటను మా ఉర్దూ స్కూలు భాషలోకి తెచ్చుకుని సూటిగా అడిగింది: "నతీజా బోలేతో ఆర్డర్‌చ్ నా?"

కాదు. ఈ సంగతంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. అందుకే నాలుగు మాటలు ఎక్కువైనా పూర్తిగా రాస్తున్నాను. మన ఇళ్లలో జర్దోజీ వేసే బాజీలున్నారు, అచార్లు పెట్టి అమ్మే ఖాలాలున్నారు, ఇంట్లోనే కేకులు చేసే పిల్లలున్నారు. అందరి ఫోన్లలోనూ ఇదే గడి కనబడుతుంది.

ఇష్తెహార్ వేయడం మొదలుపెట్టగానే యాడ్స్ మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న, మీ మక్సద్ ఏమిటని. తెరమీద ఆరు పేర్లు వస్తాయి: Awareness, Traffic, Engagement, Leads, App promotion, Sales. చాలామంది దీన్ని ఫారంలో మొదటి ఖానా నింపినట్టు ఏదో ఒకటి నొక్కేసి ముందుకెళ్తారు. ఫొటో ఏది పెట్టాలి, రంగు ఎలా ఉండాలి అని మాత్రం రెండు రోజులు ఆలోచిస్తారు. నిజానికి మీ ఫొటో ఎవరి కళ్ల ముందుకు వెళ్లాలో చాలావరకు తేల్చేది ఈ మొదటి ఖానాయే.

ఎలాగంటే, కర్నూలు, నంద్యాల, ఆదోని, తుంగభద్ర దాటితే గద్వాల, ఈ ఊళ్లలో ఉన్న ఆడవాళ్లకు చూపించమని ఆపా కొడుకు పెట్టాడు. వాళ్లు లక్షల్లో ఉంటారు. రోజుకు మూడు వందలకు ఆ లక్షల మందికీ చూపించడం కుదరదు, కొన్ని వేల మందికే. ఆ కొన్ని వేల మందిని ఏరేది కంపెనీ యంత్రం. మీరు Traffic అన్నారనుకోండి, లింకు కనబడితే నొక్కే అలవాటున్న వాళ్లను ఏరుతుంది. మెసేజ్‌లు కావాలన్నారనుకోండి, దుకాణాలకు మెసేజ్ పెట్టే అలవాటున్న వాళ్లను వెతుకుతుంది. ఊరు అదే, ఫొటో అదే, డబ్బు అదే, మనుషులే వేరు. లింకు నొక్కే వేళ్లు ఎక్కడ చూసినా దొరుకుతాయి కాబట్టి అవి సస్తా. దుకాణంతో మాట్లాడేవాళ్లు తక్కువ, అందుకే వాళ్లు మెహెంగా.

అంటే చిన్నోడు యంత్రాన్ని నొక్కేవాళ్లను అడిగాడు, యంత్రం ఈమాన్‌దారీగా నొక్కేవాళ్లను తెచ్చింది. పదునాలుగు వందల నొక్కుళ్లలో పేజీ పూర్తిగా తెరుచుకున్నవి 590. ఇది తెలుసుకోవడానికి Landing page views అని ఇంకో గడి ఉంటుంది. పేజీలో పిక్సెల్ అనే చిన్న కోడ్ పెట్టి ఉంటేనే అందులో అంకె వస్తుంది. అదృష్టం, చిన్నోడు పెట్టాడు. మిగతా ఎనిమిది వందల పైచిలుకు ఏమయ్యాయి? కొన్ని వేలు జారి తగిలినవి. ఇష్తెహార్‌ని వేరే యాప్‌లలోనూ గేముల్లోనూ చూపించే దారి ఒకటుంది, Audience Network అని. అక్కడ ఇలాంటివి ఎక్కువ. ఇంకొన్ని పేజీ నిదానంగా తెరుచుకుంటుంటే విసిగి వెనక్కి పోయినవి. ఆపా బట్టల ఫొటోలు ఒక్కొక్కటీ ఎంత బరువో నేను చూశాను, మా ఆఫీసు వైఫై మీదే తిరుగుతూ ఉండిపోయాయి. చూసిన 590 మందిలో వాట్సాప్ దాకా వచ్చింది తొమ్మిది మంది. అడ్వాన్స్ ఇచ్చింది ఒక్కరు.

Traffic పనికిరానిదని కాదు. నాలాంటి రాసుకునేవాడు పాఠకులు కావాలనుకుంటే అదే సరైనది. అప్పుడు కూడా Link clicks వద్దు, Landing page views ఎంచుకోవాలి. వెబ్‌సైట్ మీదే డబ్బు కట్టించుకునే దుకాణమైతే Sales ఉంది, కొనేవాళ్లనే వెతకమని చెప్పొచ్చు. ఆపా దగ్గర డబ్బు కట్టే బటన్ లేదు. ఆమె బేరమంతా మాటల్లో నడుస్తుంది. "అమ్మాయి వయసెంత, లంబాయీ ఎంత, గోటా వేయాలా, అస్తర్ ఏ రంగు" అంటూ పది మాటలు నడిస్తేనే ఒక ఆర్డర్. మాటల్లో అమ్మే కారోబార్‌కి మాట్లాడేవాళ్లు కావాలి.

రెండో వారం అదే ఫొటో, అదే మూడు వందలు. మక్సద్ మాత్రం Engagement, దాని లోపల గమ్యం వాట్సాప్. మెసేజ్‌ల కోసం ఒకప్పుడు ప్రత్యేకంగా ఒక మక్సద్ ఉండేది, ఇప్పుడు దాన్ని ఇందులో కలిపేశారు. అది కనబడక చాలామంది మళ్లీ Traffic నొక్కి లింకు చోట వాట్సాప్ నంబర్ పెట్టేస్తారు. చూడ్డానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ యంత్రం దృష్టిలో అది నొక్కేవాళ్ల వేటే.

వారం తిరిగేసరికి చిన్నోడి ముఖం వాడిపోయింది. ఖర్చు అదే 2,100. నతీజా 84. ఒక్కొక్కటి పాతిక రూపాయలు. "మామూ, రూపాయిన్నర ఎక్కడ, పాతికెక్కడ? బంద్ చేసేస్తా" అన్నాడు.

ఆగమన్నాను. రెండు గడుల్లోనూ పైన రాసింది ఒకే మాటైనా లోపల లెక్కపెట్టింది ఒకే వస్తువు కాదు. మొదటి వారం లెక్కపెట్టింది నొక్కుళ్లను. రెండో వారం లెక్కపెట్టింది Messaging conversations started, అంటే మొదలైన సంభాషణలను. నిమ్మకాయల ధర, పుచ్చకాయల ధర పక్కపక్కన పెట్టి ఏది సస్తా అని అడిగినట్టుంది ఇది. ఒకే మక్సద్‌తో నడిచిన రెండు ఇష్తెహార్‌ల మధ్య పోల్చడానికి ఆ గడి బాగా పనికొస్తుంది. మక్సద్ మారితే పోలిక చెల్లదు.

మరి దేన్ని పోల్చాలి? అందుకు ఆపా హిసాబ్ కితాబ్ తెరవాల్సి వచ్చింది. ఆమె ఇప్పటికీ ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు రాస్తుంది. ఒక పేజీలో మూడు గీతలు గీయించాను: పూఛా, నాప్ దియా, పైసా దియా. అడిగారు, కొలతలిచ్చారు, డబ్బిచ్చారు. వాట్సాప్‌లో వచ్చిన ఒక్కో పేరూ దీంట్లోకి ఎక్కాలి. ఈ మూడో గీత సంగతి యాడ్స్ మేనేజర్‌కి తెలియదు. మన చాట్‌లో ఎవరు అడ్వాన్స్ పంపారో, ఎవరు "సోచ్ కే బోల్తీఁ" అని మాయమయ్యారో అది చూడలేదు. అది మనమే రాసుకోవాలి.

84 మందిలో 31 మంది మొదటి లైను తర్వాత నోరు విప్పలేదు. ఆ మొదటి లైను కూడా వాళ్లు రాసింది కాదు. ఇష్తెహార్ నొక్కితే "Hello! Can I get more info on this?" అని తయారుగా వచ్చే మాట. పంపు అని నొక్కారు, నతీజా అయిపోయింది. ఇంకో సంగతి కూడా ఆపా కితాబ్ వల్లే తెలిసింది. ఆ 84లో ముగ్గురు ఆమె పాత గాహక్‌లే. దుకాణంతో ఏడు రోజులు మాటల్లేకుండా ఉండి, ఇష్తెహార్ చూసి మళ్లీ పలకరిస్తే దాన్నీ మొదలైన సంభాషణగానే లెక్కేస్తారు. మిగతా వాళ్లలో కొలతల దాకా వచ్చింది పదిహేడు మంది. పైసా ఇచ్చింది ఆరుగురు.

ఇప్పుడు లెక్క చూడండి. 2,100 పెట్టి ఆరు ఆర్డర్‌లు, అంటే ఆర్డర్‌కి 350. దీని మీద 18 శాతం జీఎస్టీ ఉంది. అది ఆ గడుల్లో కనబడదు, బిల్లులో కనబడుతుంది. జీఎస్టీ నంబర్ లేని ఇంటి కారోబార్‌కి అది తిరిగి రాని ఖర్చే. కలిపితే 413. ఆపా ఒక పిల్లల షరారా సెట్ సగటున 2,400కి అమ్ముతుంది. బట్ట, అస్తర్, గోటా, కారీగర్ కూలీ అన్నీ పోను ఏడు వందలు మిగులుతాయి. ఆ ఏడు వందల్లో 413 ఇష్తెహార్‌కి పోతే చేతికి 287. మొదటి వారమో, ఒక్క ఆర్డర్‌కి జీఎస్టీతో కలిపి 2,478 పోయింది, వచ్చింది ఏడు వందలు. సస్తా అనుకున్న వారం చేతి నుంచి పోయింది, మెహెంగా అనుకున్న వారం కొంచెమైనా మిగిలింది.

(ఆ ఏడు వందల్లో ఆపా తన కూలీ వేసుకోలేదు. మన ఆడవాళ్లెవరూ వేసుకోరు. కట్ చేసేది ఆమె, రాత్రి పదకొండింటికి బటన్లు కుట్టేది ఆమె. "నాక్కూడా కూలీనా?" అని నవ్వింది. వేసుకుంటే ఆ 287 ఏమవుతుందో నేను గట్టిగా అడగలేదు, ఆమెకు అర్థమైంది.)

పాతిక రూపాయల సంభాషణ ఎక్కువా తక్కువా అని అడిగితే, ఇంకొకరి పాతికతో పోల్చి చెప్పలేం. ఎవరి లెక్క వాళ్లు వెనక నుంచి కట్టుకోవాలి. ఆపాకి 84లో ఆరు, అంటే పద్నాలుగు మందిలో ఒకరు కొన్నారు. ఏడు వందల లాభాన్ని పద్నాలుగుతో భాగిస్తే యాభై. జీఎస్టీ తీసేస్తే సుమారు 42. ఒక సంభాషణకి 42 దాటితే ఆపా ఊరికే కుట్టిపెడుతున్నట్టు. లాభంలో సగమైనా మిగలాలంటే 21 లోపు ఉండాలి. ఈ రెండు అంకెలూ కితాబ్ అట్ట మీద రాయించాను. బిర్యానీ దేగ్‌లు అమ్మే భాయ్‌కి, మెహందీ పెట్టే అమ్మాయికి ఈ అంకెలు పూర్తిగా వేరుగా వస్తాయి.

21కి దించాలంటే ఏం చేయాలని చిన్నోడు అడిగాడు. ధర దించడం కన్నా గాహక్‌ని మార్చడం సులువు. ఫొటో కింద ధర రాయలేదు వాళ్లు. ధర రాస్తే ఎవరూ అడగరని భయం. కానీ కితాబ్‌లో పూఛా దగ్గరే ఆగిపోయిన పేర్ల చాట్‌లు తెరిచి చూస్తే, మాట్లాడిన వాళ్లలో ఎక్కువమంది "కిత్నే కా?" అని అడిగి, 2,400 వినగానే ఆగిపోయినవాళ్లు. కాబట్టి మూడో వారం ఫొటో మీదే రాయించాం: సెట్ 2,200 నుంచి, సగం అడ్వాన్స్, కుట్టడానికి ఎనిమిది రోజులు.

సంభాషణలు 66కి పడిపోయాయి. ఒక్కొక్కటి పాతిక నుంచి దాదాపు 32కి ఎక్కింది. తెర మాత్రమే చూసేవాడైతే ఇష్తెహార్ పాడైందంటాడు. పైసా దియా కింద మాత్రం ఏడు పేర్లున్నాయి. ఆర్డర్‌కి 300, జీఎస్టీతో 354. ఊరికే అడిగేవాళ్లు ధర చూసి నొక్కడమే మానేశారు. ఆపాకి గొంతు కూడా కాస్త దక్కింది. ఇది పూర్తిగా ధర రాసినందువల్లే అని కసమ్ వేసి చెప్పను. అప్పటికి ఈద్ ఒక వారం దగ్గరకొచ్చింది, కొనేవాళ్ల తొందర కూడా పెరిగి ఉంటుంది. ఆరుకీ ఏడుకీ తేడా ఒక్కటే. ఒక గాహక్ అటు ఇటైతే లెక్క మారిపోతుంది. కానీ మొదటి లైనుతో ఆగిపోయినవాళ్లు 31 నుంచి 15కి తగ్గడం మాత్రం చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మెసేజ్‌ల ఇష్తెహార్ దుకాణంలో మనిషి ఉంటేనే నడుస్తుంది. ఆపా మొదట్లో మగ్రిబ్ నుంచి తరావీహ్ అయ్యేదాకా ఫోన్ ముట్టుకునేది కాదు. ఇఫ్తార్ తర్వాత అడిగినవాళ్లకు రాత్రి పదకొండింటికి జవాబు వెళ్లేది, అప్పటికి వాళ్లు ఇంకో దుకాణంతో మాట్లాడేసి ఉండేవారు. కితాబ్‌లో అడిగిన సమయం కూడా రాయించాక ఇది బయటపడింది. ఆ రెండు మూడు గంటలు ఫోన్ కోడలి చేతికి మారింది. ఇరవయ్యో రోజాకి ఇష్తెహార్ ఆపించేశాను. ఇద్దరు కారీగర్‌లు ఈద్ లోపు కుట్టగలిగినంత వచ్చేసింది. ఆ తర్వాత ఒక్కో సంభాషణ పది రూపాయలకు వచ్చినా అది నష్టమే, "అబ్ నక్కో" అని చెప్పడానికి డబ్బు కట్టినట్టు.

ఇక Leads. అంటే ఇష్తెహార్ నొక్కితే అక్కడే ఒక ఫారం తెరుచుకుంటుంది. పేరు, ఫోన్ నంబర్ వాళ్ల ఖాతాలో ఉన్నవే తయారుగా నిండి వస్తాయి. అదే దీని సులువు, అదే దీని రోగం. రెండుసార్లు నొక్కితే ఫారం పంపినట్టే. తర్వాత ఫోన్ చేస్తే "నేనెప్పుడు పంపాను?" అంటారు. కొందరి ఖాతాలో ఉన్నది ఎప్పుడో మానేసిన పాత నంబర్. పిల్లల షరారాలకి ఇది వద్దన్నాను. 2,400 సరుకుకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి బతిమాలే తీరిక ఆపాకి లేదు.

కానీ దుల్హన్ జోడాల సంగతి వేరు. ఖడా దుపట్టా జోడా ఒకటి అమ్మితే ఆమెకి 4,500 దాకా మిగులుతుంది. దాన్ని ఎవరూ చాట్‌లో తేల్చుకోరు. అమ్మీ, ఖాలా, కాబోయే సాస్, అందరూ కూర్చుని మాట్లాడాలి. పెళ్లి తారీఖు మూడు నెలల ముందే తెలిసి ఉంటుంది. నిదానంగా ఫోన్ చేసి, ఇంటికి పిలిచి, కపడా చూపించాల్సిన బేరానికి పేరూ నంబరూ చేతిలో ఉండటమే మేలు. ఈద్ తర్వాత దీనికోసం ఫారం పెట్టించాం. ఫారం రకం అడిగినచోట More volume కాదు, Higher intent. పంపేముందు నింపింది ఒకసారి చూసుకుని ఖాయం చేయమంటుంది, అక్కడే ఊరికే నొక్కేవాళ్లు కొంత రాలిపోతారు. దాంతోపాటు తయారుగా నిండని రెండు సవాళ్లు: నికా ఏ నెలలో? బజెట్ ఎంత లోపు? చేత్తో రాయాల్సి వస్తే రాసేవాళ్లే మిగులుతారు.

రెండు వారాలకు 4,200 ఖర్చు. వచ్చిన ఫారాలు 28. ఒక్కొక్కటి 150 రూపాయలు. ఆపా ఈసారి ఫోన్ చేసి అరవలేదు, కితాబ్ తెచ్చుకుని కూర్చుంది. 28లో ఫోన్ ఎత్తింది 19 మంది, ఇంటికొచ్చి కపడా చూసింది ఐదుగురు, బయానా ఇచ్చింది ఇద్దరు. జీఎస్టీతో కలిపి 4,956 పోయింది, తొమ్మిది వేలు మిగిలింది. నాలుగు ఇష్తెహార్‌లలో నతీజా అన్నిటికన్నా మెహెంగాగా పడింది దీనికే, చేతిలో అన్నిటికన్నా ఎక్కువ మిగిలిందీ దీంట్లోనే.

అయినా ఇద్దరంటే ఇద్దరే. ఒక ఇష్తెహార్ కుదురుకోవడానికి వారానికి సుమారు యాభై నతీజాలు కావాలని కంపెనీ చెబుతుంది. అప్పటిదాకా ఎవరికి చూపించాలో యంత్రం నేర్చుకుంటూనే ఉంటుంది, ధర పైకీ కిందికీ ఊగుతుంది. మెసేజ్‌లు వారానికి 84, 66 వచ్చాయి కాబట్టి ఆ గీత దాటాయి. జోడాల ఫారాలు వారానికి పద్నాలుగే. 150 ధరకి యాభై రావాలంటే వారానికి ఏడున్నర వేలు పెట్టాలి, ఆపా పెట్టదు, పెట్టమని నేనూ చెప్పను. అలాంటప్పుడు ఒక రోజు ధర చూసి నిర్ణయం తీసుకోకూడదు. మంగళవారం ఒక్కో ఫారం 400 పడిందని చిన్నోడు ఊరు మార్చబోయాడు. అలాంటి పెద్ద మార్పు ఏది చేసినా ఆ నేర్చుకోవడం మళ్లీ మొదటికొస్తుంది. బుధవారం, గురువారం వాటంతటవే దిగాయి.

ఇప్పుడు ఆపా ఫారానికి ఇంకో సవాల్ చేర్చమంటోంది. "జోడా దుల్హన్ వాళ్లు కుట్టిస్తున్నారా, దుల్హా వాళ్లా అని అడగమను రే. దుల్హా వాళ్లైతే నేను నేరుగా సాస్‌కే ఫోన్ చేస్తా." ఆ సవాల్ చేర్చాం. ఇంకో సంగతి, వచ్చిన ఫారాలు అక్కడ తొంభై రోజులే ఉంటాయి. అందుకని చిన్నోడు ప్రతి జుమా నమాజ్ తర్వాత వాటిని దించి కాగితం మీద రాసిస్తున్నాడు, ఆపా వాటిని ఉర్దూలో తన కితాబ్‌లోకి ఎక్కిస్తోంది.